అంబులెన్స్‌కి కట్టిన డబ్బు ఇన్సూరెన్స్‌లో ఎంత వస్తుంది, ఏ కాగితాలు అడుగుతారు

ప్రశ్న: మా నాన్నగారికి గుండెపోటు వస్తే ముందు ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి ఐసీయూ అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకొచ్చాం. అంబులెన్స్‌కే 18,500 అయింది. ఆయనకున్న ఆరోగ్య సంజీవని పాలసీలో పెడితే 1,900 ఇచ్చి సరిపెట్టారు. ఇది కరెక్టేనా? నా ఆఫీసు ఇన్సూరెన్స్‌లో కూడా అమ్మానాన్నలు ఉన్నారు, మిగతాది అందులో అడగొచ్చా? కాగితాలు ఏం కావాలి?

సమాధానం:

లెక్క కరెక్టే అండి. ఆ పాలసీ నుంచి ఇంకో రూపాయి కూడా రాదు, దాని మీద పోట్లాడి టైం పోగొట్టుకోకండి. కానీ మిగతాది ఆఫీసు పాలసీలో అడగొచ్చు, అడగాలి కూడా. అక్కడ కూడా అంబులెన్స్‌కి ఒక పరిమితి ఉంటుంది కాబట్టి 16,600 మొత్తం రాకపోవచ్చు. అయితే కాగితాలు సరిగ్గా ఉంటే ఆ పరిమితి వరకు వస్తుంది.

నేను మొదట ఒక టీపీఏలో, అంటే బీమా కంపెనీల తరఫున పనిచేసే సంస్థలో క్లెయిములు చూసేవాడిని, తర్వాత చాలా ఏళ్లు ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చున్నాను. అంబులెన్స్ బిల్లు ఎక్కడ ఆగిపోతుందో రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు ఆ 1,900 ఎలా వచ్చిందో. ఆరోగ్య సంజీవని అనేది బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ చెప్పిన నమూనాలో 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న పాలసీ. ఏ కంపెనీలో తీసుకున్నా లోపలి షరతులు ఒకటే. అందులో రోడ్డు అంబులెన్స్‌కి ఆసుపత్రిలో చేరిన ఒక్కోసారికి గరిష్ఠంగా 2,000 అని ఉంటుంది. అదే పాలసీలో ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మనం భరించాలనే కోపే కూడా ఉంది. మీ బిల్లు 18,500 అయినా ముందు దాన్ని 2,000కి కుదిస్తారు, ఆ రెండు వేలలో 5 శాతం అంటే 100 తీసేస్తారు. చేతికొచ్చేది 1,900. బిల్లు 50,000 అయినా ఇంతే వచ్చేది.

మిగతా పాలసీల్లో ఈ అంకె చాలా రకాలుగా ఉంటుంది. పాత పాలసీల్లో, ఆఫీసులు ఇచ్చే గ్రూపు పాలసీల్లో ఎక్కువగా కనిపించేవి వెయ్యి నుంచి ఐదు వేల మధ్య అంకెలు. కొన్నిట్లో బీమా మొత్తంలో 1 శాతం అనో, ఒక అంకె అనో రాసి రెండిట్లో ఏది తక్కువైతే అది అంటారు. ఈమధ్య వస్తున్న పాలసీల్లో చాలావాటిలో రోడ్డు అంబులెన్స్‌కి అసలు ఖర్చు మేరకు ఇస్తామని రాస్తున్నారు, అంటే విడిగా పరిమితి లేదన్నమాట. అయితే అక్కడ కూడా పక్కనే 'నెట్‌వర్క్ ఆసుపత్రికి తీసుకెళ్తేనే' అని ఉందేమో చూసుకోవాలి. ఇంకో చిన్న మాట మీద కూడా కన్నేయండి. పరిమితి 'ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ' అని ఉందా, 'పాలసీ ఏడాదికి' అని ఉందా అన్నది. ఏడాదికి అని ఉంటే రెండోసారి చేరినప్పుడు అంబులెన్స్‌కి ఏమీ మిగలకపోవచ్చు.

ఇప్పుడు మీ ఆఫీసు పాలసీ సంగతి. ఒకే ఖర్చుకి రెండు పాలసీల్లో రెండుసార్లు డబ్బు తీసుకోకూడదు, కానీ మొదటి కంపెనీ ఇవ్వని భాగాన్ని రెండో కంపెనీని అడిగే హక్కు పాలసీదారుకి ఉంది. మొదటి పాలసీలో బీమా మొత్తం ఇంకా మిగిలే ఉన్నా సరే, వాళ్లు కోసేసిన మొత్తాన్ని రెండోచోట పెట్టొచ్చు. 'రెండు పాలసీలు ఉన్నప్పుడు' అనే క్లాజు దాదాపు ప్రతి ఆరోగ్య పాలసీ పుస్తకంలోనూ ఉంటుంది, మీ హెచ్ఆర్ వాళ్ల దగ్గర పాలసీ కాపీ తీసుకుని చదవండి.

మీ ఆఫీసు పాలసీలో అంబులెన్స్‌కి 5,000 ఉందనుకుందాం, తల్లిదండ్రుల క్లెయిములకి 20 శాతం కోపే ఉందనుకుందాం. గ్రూపు పాలసీల్లో పెద్దవాళ్లకి ఇలాంటి కోపే తరచుగా పెడతారు. మీకు మిగిలింది 16,600. దాన్ని 5,000కి కుదించి, అందులో 1,000 తీసేస్తే 4,000 వస్తుంది. మొత్తం కలిపితే 18,500లో 5,900 వెనక్కి వచ్చినట్టు. తక్కువే, ఒప్పుకుంటాను.

కానీ అసలు డబ్బు ఇంకోచోట ఉంది. ఆరోగ్య సంజీవనిలో మీ నాన్నగారి ఆసుపత్రి బిల్లు మీద కూడా 5 శాతం కోపే పడి ఉంటుంది. ఉదాహరణకి 2,40,000 బిల్లు మంజూరైతే 12,000 మీ చేతి నుంచి పోయినట్టే. దాన్ని, అంబులెన్స్ మిగులుని కలిపి ఒకే క్లెయిమ్‌గా ఆఫీసు పాలసీలో పెట్టండి. అంబులెన్స్ ఒక్కటే పెట్టి ఇది మర్చిపోయే వాళ్లని చాలామందిని చూశాను.

దీనికి కావలసింది మొదటి కంపెనీ ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్. దాంట్లో ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు, ఎందుకు కోశారు అని లైన్ లైన్‌గా ఉంటుంది. ఒరిజినల్ బిల్లులు మొదటి కంపెనీ దగ్గరే ఉండిపోతాయి కాబట్టి వాటి కాపీల మీద ఆ కంపెనీ లేదా టీపీఏ స్టాంపు వేయించి ఇమ్మని మెయిల్ పెట్టండి. ఇది అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

కాగితాలు. రోడ్డు అంబులెన్స్ కింద డబ్బు రావాలంటే కంపెనీ మూడు విషయాలు చూస్తుంది. బండి నిజంగా అంబులెన్సేనా, ఆ ప్రయాణం వైద్యపరంగా అవసరమేనా, ఆ ప్రయాణం చివర ఆసుపత్రిలో చేరిన క్లెయిమ్ మంజూరైందా. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా లాభం లేదు. క్యాజువాలిటీలో నాలుగు గంటలు ఉంచి ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేస్తే అది చాలా పాలసీల్లో ఆసుపత్రి చేరిక కిందకి రాదు, కాబట్టి అంబులెన్స్ కూడా రాదు. మీకు ఈ సమస్య లేదు.

బండి విషయానికొస్తే, పాలసీల్లో సాధారణంగా ఉండే నిర్వచనం ఏమిటంటే లైసెన్స్ లేదా అనుమతి ఉన్న సర్వీసు నడిపేది, రోగిని తీసుకెళ్లడానికీ దారిలో ప్రాథమిక చికిత్సకీ ఏర్పాట్లున్నది అని. కారు, ఆటో, క్యాబ్ బిల్లులు ఎంత అర్ధరాత్రి ఎమర్జెన్సీలో వెళ్లినా రావు. మీరు పిలిచిన ప్రైవేటు బండి ఆర్సీలో అంబులెన్స్ అని ఉందో లేదో బండి నంబరుతో ఎం-పరివాహన్ యాప్‌లో చూసుకోవచ్చు. ఊళ్లలో మామూలు వ్యాను మీద ఎర్ర లైటు పెట్టి తిప్పేవి కూడా ఉంటాయి. అనుమానం వచ్చినప్పుడు కంపెనీ వాళ్లు ముందు ఇదే తీసి చూస్తారు.

రసీదులో ఏం ఉండాలో చెప్తాను, ఎందుకంటే అంబులెన్స్ వాళ్లు ఇచ్చేది చాలాసార్లు పుస్తకంలోంచి చింపిన చిన్న ముక్క, దాని మీద అంకె, సంతకం తప్ప ఏమీ ఉండవు. సర్వీసు పేరు, అడ్రస్, ఫోను, బిల్లు నంబరు, రోగి పేరు, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, బయల్దేరిన తేదీ సమయం, ఏ రకం అంబులెన్స్, ఎంత కట్టారు, ఇవి కావాలి. రోగి పేరు బదులు డబ్బు కట్టిన కొడుకు పేరు రాసేస్తారు, అక్కడే క్వెరీ వస్తుంది. తేదీ ఇంకో పెద్ద తలనొప్పి. రాత్రి పదకొండున్నరకి ఖమ్మంలో బయల్దేరి తెల్లవారుజామున హైదరాబాద్ చేరితే చేరిక తేదీ మర్నాటిది అవుతుంది, రసీదు ఆ తర్వాత రోజు రాయించుకుంటే ఇంకో తేదీ పడుతుంది. మూడు కాగితాల్లో మూడు తేదీలు కనిపిస్తే చూసేవాడికి సందేహం రావడం సహజం. రసీదు ఎప్పుడు రాసినా పర్వాలేదు, ప్రయాణం జరిగిన తేదీ సమయం మాత్రం దాంట్లో విడిగా రాయించండి.

డబ్బు డ్రైవర్ సొంత నంబరుకి ఫోన్‌పే చేసి ఉంటారు. భయపడక్కర్లేదు, ఆ ట్రాన్సాక్షన్ వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైను జత చేసి, రసీదు మీద 'యూపీఐ ద్వారా ముట్టింది' అని సర్వీసు వాళ్ల చేత రాయించండి. పెద్ద మొత్తం నగదుగా కట్టామంటేనే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి.

జీఎస్టీ బిల్లు కావాలని ఎవరైనా తిరగ్గొడితే ఒక్క మాట గుర్తుంచుకోండి. అంబులెన్స్‌లో రోగిని తీసుకెళ్లే సేవకి 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ పన్ను మినహాయింపు ఉంది. కాబట్టి రసీదు మీద జీఎస్టీ నంబరు లేకపోవడం లోపం కాదు. ఇదే విషయం రెండు లైన్లలో మర్యాదగా రాసి పంపితే చాలు, నేను చూసినంతలో ఆ క్వెరీ అక్కడితో ముగుస్తుంది.

మీ 18,500 ఎలా రాశారో ఒకసారి చూడండి. బండి చార్జీ ఇంత, ఆక్సిజన్ ఇంత, వెంటిలేటర్ ఇంత, టెక్నీషియన్‌కి ఇంత అని విడగొట్టి ఉంటే, అసలు ఖర్చు మేరకు ఇచ్చే పాలసీల్లో ఇది దెబ్బ కొడుతుంది. ఐఆర్‌డీఏఐ ఇచ్చిన జాబితా ఒకటి ఉంది, పాలసీలో విడిగా కవర్ చేస్తే తప్ప ఇవ్వనక్కర్లేని వస్తువులది. అందులో అంబులెన్స్ పరికరాలు, అంబులెన్స్ కాలర్, ఆసుపత్రి బయట వాడిన ఆక్సిజన్ సిలిండర్ ఉన్నాయి. ప్రాసెస్ చేసేవాళ్లు ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కో లైనూ కొట్టేస్తూ పోతారు. ఐసీయూ అంబులెన్స్ అంటే ఆక్సిజన్, మానిటర్, వెంటిలేటర్ కలిపి ఒకే రేటు మాట్లాడుకోవడం మామూలు. మీరు మాట్లాడుకున్నది ఒకే రేటైతే రసీదులో కూడా అది ఒకే లైనుగానే ఉండాలి. నిజంగా విడివిడిగా తీసుకుని ఉంటే ఉన్నది ఉన్నట్టే ఉంచండి, మార్పించకండి. దిద్దిన బిల్లు దొరికితే అంబులెన్స్ డబ్బు సంగతి అటుంచి మొత్తం క్లెయిమ్‌కే ప్రమాదం. మీ కేసులో 5,000 పరిమితి ఉంటే ఇది పెద్దగా తేడా తేదు, ఎందుకంటే బండి చార్జీ ఒక్కటే దాన్ని దాటేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఖమ్మం ఆసుపత్రి ఇచ్చిన రెఫరల్ లెటర్. ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్తే అది ఎమర్జెన్సీ అని నిరూపించడం తేలిక. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మాత్రం కంపెనీ అడిగే ప్రశ్న వేరే. అక్కడే ఎందుకు వైద్యం చేయలేదు? మొదటి ఆసుపత్రిలో ఆ వైద్యానికి సౌకర్యం లేక మార్చాల్సి వస్తేనే పాలసీ ఇస్తుంది. మనకి నమ్మకం లేక, లేదా పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారని మారిస్తే ఇవ్వదు. చాలా పాలసీల్లో 'సరైన సౌకర్యాలున్న దగ్గరి ఆసుపత్రికి' అని కూడా ఉంటుంది.

ఇక్కడ జరిగేది ఏమిటంటే, రోగిని పంపేటప్పుడు మొదటి ఆసుపత్రి తన జాగ్రత్త కోసం 'బంధువుల కోరిక మీద పంపుతున్నాం' అని రాసి మన చేత సంతకం పెట్టించుకుంటుంది. ఆ టెన్షన్‌లో ఎవరూ చదవరు. కొన్ని చోట్ల 'లామా' అని ముద్ర వేస్తారు, అంటే డాక్టరు సలహాకి విరుద్ధంగా వెళ్లిపోయారని. నిజానికి ఆ డాక్టరే నోటితో 'ఇక్కడ క్యాథ్‌ల్యాబ్ లేదు, వెంటనే తీసుకెళ్లండి' అని చెప్పి ఉంటాడు. కానీ ఫైల్లో ఉన్న మాటే చెల్లుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు సరిగ్గా ఇలాంటిదే. అసలు ఖర్చు మేరకు ఇచ్చే పాలసీ, జిల్లా కేంద్రం నుంచి హైదరాబాద్‌కి వచ్చారు, బిల్లు ఇరవై వేల పైన. మొదటి ఆసుపత్రి కాగితంలో 'బంధువుల కోరిక మీద' అని ఉంది కాబట్టి అంబులెన్స్ మొత్తం తిరస్కరించారు, ఆసుపత్రి బిల్లు మాత్రం ఇచ్చారు. ఆ అబ్బాయి మొదటి ఆసుపత్రికి వెళ్లి కేస్ షీట్ కాపీ అడిగాడు. అందులో డ్యూటీ డాక్టరు రాత్రి రాసిన నోట్‌లో యాంజియోప్లాస్టీ అవసరం, ఇక్కడ ఆ సౌకర్యం లేదు అని స్పష్టంగా ఉంది. దాన్ని ఆధారంగా చూపించి ఆ డాక్టరు చేతే లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ రాయించుకున్నాడు. హైదరాబాద్ ఆసుపత్రి చేరిక నోట్‌లో రోగి వచ్చినప్పటి బీపీ, ఆక్సిజన్ మీద వచ్చిన సంగతి, చేరిన వెంటనే స్టెంట్ వేసిన సమయం ఉన్నాయి. ఈ మూడూ కలిపి మళ్లీ పరిశీలించమని పెట్టాం, మంజూరైంది. అక్కడ కొత్తగా సృష్టించింది ఏదీ లేదు, అప్పటికే రాసి ఉన్నదాన్ని బయటికి తీశాం అంతే.

కాబట్టి మీరు ఇప్పుడే ఖమ్మం కాగితం తీసి చదవండి. 'రెఫర్డ్' అని ఉండి కారణం ఉంటే హాయి. కారణం లేకపోతే, లేదా కోరిక మీద అని ఉంటే, కేస్ షీట్ కాపీకి రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టండి. రోగికి తన రికార్డుల కాపీ అడిగే హక్కు ఉంది. ఆలస్యం చేస్తే డ్యూటీ డాక్టర్లు మారిపోతారు, తర్వాత ఎవరూ సంతకం పెట్టరు.

కొన్ని ప్రయాణాలకి మామూలుగా డబ్బు రాదు. డిస్చార్జ్ అయ్యాక ఇంటికి తీసుకెళ్లే అంబులెన్స్‌కి మామూలు పాలసీల్లో రాదు. పార్థివ దేహాన్ని తీసుకెళ్లే బండికీ రాదు, విడిగా ఆ సదుపాయం ఉన్న పాలసీ అయితే తప్ప. 108 అయితే ఉచితం కాబట్టి అడగడానికి ఖర్చే ఉండదు. కానీ ఇంటి నుంచి ఖమ్మం దాకా 108లో వెళ్లి ఉంటే ఆ సంగతి ఆసుపత్రి చేరిక నోట్‌లో ఉందేమో చూడండి, ఎమర్జెన్సీ అని చెప్పడానికి అది మంచి ఆధారం.

ఎయిర్ అంబులెన్స్ గురించి మీరు అడగలేదు కాబట్టి రెండు ముక్కల్లో. రోడ్డు అంబులెన్స్ క్లాజులో అది ఉండదు, విడిగా రాసి ఉండాలి. ఉన్నచోట కూడా చాలావరకు ముందే కంపెనీకి చెప్పి అనుమతి తీసుకోవాలి, రోడ్డు మీద తీసుకెళ్తే ప్రాణాపాయం అని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, విమానం నడిపే సంస్థకి లైసెన్స్ ఉండాలి.

ఇంకో సంగతి, మిగతా వాళ్లకి కూడా పనికొస్తుంది. ఆసుపత్రి క్యాష్‌లెస్ అయింది కదా, అంబులెన్స్ కూడా అందులోనే అయిపోయి ఉంటుంది అనుకుంటారు. ఆసుపత్రి సొంత అంబులెన్స్ అయి, దాని చార్జీ ఫైనల్ బిల్లులో ఉంటేనే క్యాష్‌లెస్‌లో వెళ్తుంది. బయట బండికి మనం కట్టింది విడిగా రీయింబర్స్‌మెంట్ కింద పెట్టాలి, అదే క్యాష్‌లెస్ క్లెయిమ్ నంబరు వేసి. గడువు ఆరోగ్య సంజీవనిలో అయితే డిస్చార్జ్ నుంచి 30 రోజులు. మీ ఆఫీసు పాలసీలో ఎంతో కాపీలో చూడండి.

మీకు గడువు దగ్గరపడి ఉంటే సెటిల్‌మెంట్ లెటర్ స్టాంపు కాపీల కోసం ఆగకండి. ఆఫీసు టీపీఏకి ఇవాళే మెయిల్ పెట్టండి, మొదటి కంపెనీ సెటిల్‌మెంట్ ఫలానా తేదీన వచ్చింది, మిగులు కోసం క్లెయిమ్ పెడుతున్నాం, స్టాంపు వేసిన కాపీలు రావాల్సి ఉంది అని. నిజమైన కారణం ఉన్నప్పుడు కేవలం ఆలస్యమైందని క్లెయిమ్ తిరస్కరించకూడదని 2011లోనే కంపెనీలకి ఐఆర్‌డీఏ సర్క్యులర్ ఇచ్చింది. ఆ మెయిల్ మీ దగ్గర ఉంటే దాన్ని వాడుకోవచ్చు.

అన్నీ ఇచ్చినా తిరస్కరిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, రెండు తెలుగు రాష్ట్రాలూ దాని పరిధిలోకే వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నాలుగైదు వేల కోసం ఎవరు తిరుగుతారు అంటారేమో, ఆసుపత్రి బిల్లు మీద కోసిన కోపే కూడా అదే క్లెయిమ్‌లో ఉంటుంది కదా.

ఆఫీసు పాలసీ కాపీ చేతికొచ్చాక అంబులెన్స్ క్లాజు, తల్లిదండ్రుల కోపే, రెండు పాలసీల క్లాజు ఈ మూడూ ఇక్కడ టైప్ చేసి పెట్టండి, ఖమ్మం లెటర్‌లో కారణం దగ్గర ఏం రాశారో కూడా. పేరు, పాలసీ నంబరు మాత్రం పెట్టకండి. చూసి ఎంత వస్తుందో లెక్క చెప్తాను.